రెండో మిషన్ కొనాలా వద్దా: మా వర్క్‌షాపులో వేసిన పేబ్యాక్ లెక్క, నా అనుభవం

హైదరాబాద్ బాలానగర్‌లో నాకు ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. అందులో రెండు పాత లేత్‌లు, కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే ఒక సీఎన్‌సీ లేత్ ఉన్నాయి. హైడ్రాలిక్ సిలిండర్లకు వాడే పిన్నులు, బుష్‌లు జాబ్ వర్క్‌గా చేస్తాం. మెటీరియల్ కస్టమర్ ఇస్తాడు, మేము మిషన్ గంటల లెక్కన డబ్బు తీసుకుంటాం. కొన్నేళ్లుగా సీఎన్‌సీ మీద పని నిండిపోయి, మిగిలిన పనిని పక్క వీధిలోని మరో వర్క్‌షాపులో చేయిస్తున్నాను. అలా చేయించిన ప్రతి గంటకూ 400 రూపాయలు ఆ వర్క్‌షాపు యజమానికి వెళ్లిపోతాయి. ఆ బిల్లులు చూసినప్పుడల్లా రెండో సీఎన్‌సీ లేత్ కొనాలనే ఆలోచన వచ్చేది. ఒక పంపుల తయారీదారు షాఫ్టుల పని ఇస్తామని కబురు పంపడంతో ఆ ఆలోచన నిర్ణయం తీసుకోవలసిన స్థితికి వచ్చింది.

మిషన్ ధర 18 లక్షలు. పునాది, స్టెబిలైజర్, ముక్కను బిగించి పట్టే అదనపు జాలు, టూల్ హోల్డర్లు, రవాణా కలిపి మరో 2 లక్షలు. మొత్తం 20 లక్షలు. మిషన్ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 3,24,000 రూపాయలు, వీటికి అదనం. అది మేము నెలనెలా కట్టవలసిన జీఎస్టీలో సర్దుబాటై తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని పెట్టుబడిలో కలపలేదు. అయితే నేను నెలకు సుమారు 30,000 కడతాను కనుక ఆ మొత్తం సర్దుబాటు కావడానికి పదకొండు నెలలు పడుతుంది, అంతవరకు ఆ డబ్బు చేతిలో ఉండదని గుర్తు రాసుకున్నాను.

మిషన్ అమ్మే కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి ఒక కాగితం మీద లెక్క వేసి చూపించాడు. రోజుకు 16 గంటలు, నెలకు 25 రోజులు, గంటకు 400 రూపాయలు. నెలకు 1,60,000, ఏడాదికి 19,20,000. "సార్, ఏడాది మీద పదిహేను రోజులు, మీ డబ్బు మీకు వచ్చేస్తుంది" అన్నాడు. ఆ కాగితాన్ని రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. గుణకారంలో తప్పు లేకపోయినా, అతను చూపింది బిల్లుల మొత్తమే గాని నా చేతిలో మిగిలే డబ్బు కాదని ఆ తరువాత నెమ్మదిగా అర్థమైంది.

పేబ్యాక్ అంటే పెట్టిన డబ్బు ఎన్నేళ్లలో తిరిగి వస్తుందనే లెక్క. అందులో వేయవలసింది మిషన్ సంపాదించే మొత్తం కాదు. మిషన్ ఉన్నందువల్ల కొత్తగా మిగిలే నగదును మాత్రమే వేయాలి. మొదటి మిషన్ మీద ఇప్పుడు జరుగుతున్న పనిని రెండో మిషన్ మీదకు మార్చినంత మాత్రాన నాకు ఒక్క రూపాయి కూడా అదనంగా రాదు. కనుక కొత్త మిషన్ ఖాతాలో వేయదగిన గంటలు రెండే రకాలు. బయట చేయిస్తున్న పనిని లోపలికి తెచ్చుకుంటే మిగిలే గంటలు ఒకటి, పంపుల కంపెనీ ఇస్తానన్న కొత్త పని గంటలు రెండోది. బయటి వర్క్‌షాపు బిల్లులు ఏడాదివి ముందు పెట్టుకుని కూడితే 1,300 గంటలు తేలాయి. పంపుల పని మొదటి ఏడాది 700, రెండో ఏడాది 1,300, మూడో ఏడాది నుంచి 1,700 గంటలు ఉంటుందని వారి కొనుగోలు విభాగం నోటిమాటగా చెప్పింది. ఆ లెక్కన మొదటి ఏడాది 2,000, రెండో ఏడాది 2,600, ఆ తరువాత ఏటా 3,000 గంటలు.

ఇక ఖర్చులు. మా పాత సీఎన్‌సీకి సబ్‌మీటర్ ఉంది కాబట్టి కరెంటు గంటకు 40 రూపాయలని తెలుసు. లోహాన్ని కోసే టిప్పులు, కూలెంట్ కలిపి గంటకు 50. అంటే 400లో 310 మిగులుతుంది. వీటికి తోడు మిషన్ నడిచినా ఆగినా తప్పని ఖర్చులు ఉన్నాయి. మా పిన్నుల పనిలో ఒక్కో ముక్కకు సైకిల్ టైమ్ ఎక్కువ కాబట్టి రెండో షిఫ్ట్ ఆపరేటర్ రెండు మిషన్లూ చూసుకోగలడు, పగటి షిఫ్టుకు మాత్రం ఒక మనిషి అదనంగా కావాలి. జీతం, పీఎఫ్, బోనస్ కలిపి ఏడాదికి 2,50,000, మరమ్మతులకు 50,000, మొత్తం 3 లక్షలు. షెడ్డు అద్దె మిషన్ కొన్నా కొనకపోయినా కట్టేదే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తరుగుదలనూ తీసుకోలేదు, ఎందుకంటే అది పుస్తకాల్లో రాసే అంకె, నా చేతిలోంచి పోయే నగదు కాదు. ఆ నగదు 20 లక్షలుగా మొదట్లోనే పోయింది కాబట్టి మళ్లీ ఏటా తీసివేస్తే ఒకే ఖర్చును రెండుసార్లు రాసినట్టవుతుంది. ఆదాయపు పన్ను కూడా ఈ లెక్కలో లేదు. మొత్తమంతా పన్నుకు ముందున్న అంకెలతోనే వేశాను.

మొదటి ఏడాది 2,000 గంటలకు 6,20,000, అందులో 3 లక్షలు పోగా 3,20,000 మిగిలింది. రెండో ఏడాది 5,06,000. మూడో ఏడాది నుంచి ఏటా 6,30,000. వీటిని కూడుతూ పోతే రెండో ఏడాది చివరకు 8,26,000, మూడో ఏడాది చివరకు 14,56,000 అవుతుంది. 20 లక్షలకు ఇంకా 5,44,000 కావాలి, అది నాలుగో ఏడాదిలో పది నెలలు గడిచాక పూర్తవుతుంది. కాబట్టి మామూలు పేబ్యాక్ మూడు సంవత్సరాల పది నెలలు. ఏడాది పదిహేను రోజులన్న లెక్క మూడు రెట్లకు పైగా సాగింది, అయినా నాలుగేళ్ల లోపే కదా అని నాకు సంతోషంగానే ఉంది.

మా చెల్లెలు బీకామ్ చదివి ఒక సహకార బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేస్తుంది. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు ఈ కాగితం చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "అన్నయ్యా, నాలుగో ఏడాది వచ్చే 6 లక్షలనూ ఇవాళ నువ్వు కట్టే 6 లక్షలనూ ఒకే తక్కెడలో వేశావు. మధ్యలో నాలుగేళ్ల వడ్డీ ఎవరు కడతారు?" అని అడిగింది. డిస్కౌంటెడ్ పేబ్యాక్ అవసరమేమిటో ఆ ఒక్క ప్రశ్నతో నాకు తెలిసింది. ఏటా వచ్చే డబ్బును ముందుగా ఈనాటి విలువకు తగ్గించి, ఆ తగ్గించిన అంకెలను కూడుతూ పెట్టుబడి ఎప్పుడు పూడుతుందో చూడాలి.

ఎంత శాతంతో తగ్గించాలన్నది నేను ఊహించి పెట్టుకోలేదు. 20 లక్షల్లో 15 లక్షలు బ్యాంకు రుణం, వడ్డీ 11 శాతం. మిగతా 5 లక్షలు నా సొంతం. సొంత డబ్బుకు వడ్డీ లేదని చాలామంది సున్నా వేసుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని ఆ డబ్బు వ్యాపారంలో తిరుగుతుంటే నాకు ఎంత లాభం తెస్తుందో, నష్టం వస్తే మొదట పోయేది ఆ డబ్బే అన్న సంగతీ కలుపుకుని, దానికి 15 శాతం పెట్టుకోవడం న్యాయమని ఇద్దరం అనుకున్నాం. మూడు వంతులకు 11, ఒక వంతుకు 15 చొప్పున సగటు కడితే సరిగ్గా 12 శాతం వచ్చింది. ఆమె నా ఫోనులోని స్ప్రెడ్‌షీట్‌లో A గడిలో సంవత్సరం, B గడిలో ఆ ఏడాది మిగులు పెట్టి, C గడిలో ఇలా రాసింది:

```
=B2/(1+12%)^A2
```

దాన్ని కిందికి లాగితే మొదటి ఏడాది 3,20,000 కాస్తా 2,85,700 అయింది. రెండో ఏడాది 5,06,000 విలువ 4,03,400. మూడో ఏడాది 6,30,000 విలువ 4,48,400, నాలుగో ఏడాది అదే 6,30,000 విలువ 4,00,400, అయిదో ఏడాది 3,57,500, ఆరో ఏడాది 3,19,200. అయిదేళ్లు నిండేసరికి ఇవన్నీ కలిపి 18,95,000 మాత్రమే. మిగిలిన లక్షా అయిదు వేలు పూడడానికి ఆరో ఏడాదిలో నాలుగు నెలలు పట్టింది. డిస్కౌంటెడ్ పేబ్యాక్ అయిదు సంవత్సరాల నాలుగు నెలలు. బ్యాంకు రుణం గడువు అయిదేళ్లు. మిషన్ తన ఖరీదునూ ఆ ఖరీదు మీది రాబడినీ పూర్తిగా సంపాదించి పెట్టకముందే నేను చివరి వాయిదా కట్టేస్తానన్నమాట.

ఇక్కడ ఒక తప్పు చేశాను. అది ఎవరైనా చేసే అవకాశం ఉంది కాబట్టి వివరంగా చెబుతాను. ఆ రాత్రి ఒక్కడినే కూర్చుని, వడ్డీ కూడా ఖర్చే కదా అనుకుని, ఏటా కట్టే బ్యాంకు వడ్డీని మిగులులోంచి తీసివేసి మళ్లీ లెక్క వేశాను. మొదటి ఏడాది వడ్డీ సుమారు 1,53,000, రెండో ఏడాది 1,26,000, అలా తగ్గుతూ పోతుంది. వీటిని తీసేసి, తరువాత 12 శాతంతో కూడా తగ్గిస్తే పేబ్యాక్ ఆరున్నరేళ్లకు వెళ్లింది. కాసేపు భయపడ్డాను. మర్నాడు చెల్లెలు ఫోనులో విని, 12 శాతంతో తగ్గించడమంటేనే వడ్డీని లెక్కలోకి తెచ్చినట్టనీ, మళ్లీ విడిగా తీసివేస్తే ఒకే వడ్డీని రెండుసార్లు కట్టినట్టనీ చెప్పింది. మిగులు వేరు, ఆ మిగులు కోసం తెచ్చిన డబ్బు ఖరీదు వేరు. మొదటిది B గడిలో, రెండోది 12 శాతంలో ఉండాలి. రెండూ ఒకే గడిలో కలిస్తే లెక్క చెడిందని తెలుసుకోవాలి.

అయితే ఆ తప్పు లెక్కలో ఒక ఉపయోగకరమైన సంగతి బయటపడింది. 15 లక్షలకు 11 శాతంతో 60 నెలల వాయిదా 32,614 రూపాయలు, ఏడాదికి 3,91,000కు పైగా. మొదటి ఏడాది కొత్త మిషన్ మీద మిగిలేది 3,20,000. అంటే 71,000 రూపాయలు పాత మిషన్ సంపాదనలోంచి కట్టాలి. పేబ్యాక్ ఏదైనా సరే, ఆ మొదటి ఏడాది ఇరుకును చూపించదు. వాయిదాల పట్టికను మిగులు పట్టిక పక్కన విడిగా పెట్టుకుంటేనే కనిపిస్తుంది.

తరువాత నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గంటల సంగతి. పంపుల పని నోటిమాట మీద ఉన్నదే గాని కాగితం మీద లేదు. అది 1,700కు పెరగకుండా 1,300 దగ్గరే ఆగిపోతే ఏమవుతుందని చూశాను. ఏటా మిగులు 5,06,000 దగ్గర నిలిచిపోతుంది. మామూలు పేబ్యాక్ మూడేళ్ల పది నెలల నుంచి నాలుగేళ్ల నాలుగు నెలలకు మారింది, ఆరు నెలలే తేడా. డిస్కౌంటెడ్ పేబ్యాక్ మాత్రం అయిదేళ్ల నాలుగు నెలల నుంచి ఆరేళ్ల నాలుగు నెలలు దాటింది, ఏడాదికి పైగా. కారణం సులభం. దూరపు సంవత్సరాల్లో వచ్చే రూపాయి ఈనాటి విలువలో సగానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఒక లక్ష లోటును పూడ్చడానికి అక్కడ దాదాపు రెండు లక్షల అసలు మిగులు కావాలి. మామూలు పేబ్యాక్ చూసి "ఆరు నెలలే కదా" అనుకున్నవాడికి ఈ బరువు తెలియదు.

గంటల మీద అనుమానం వచ్చాక పాత మిషన్ గంటలనూ చూడాలనిపించింది. మూడు నెలల పాటు ఆపరేటర్ల చేత ఒక నోటుపుస్తకంలో మిషన్ ఎప్పుడు కోస్తున్నదో, ఎప్పుడు సెట్టింగులో ఉన్నదో రాయించాను. ఈ పని మొదటే చేసి ఉండవలసింది. రోజుకు 16 గంటల్లో మెటల్ కోస్తున్నది సుమారు తొమ్మిదిన్నర గంటలే. మిగతాదాంట్లో ఎక్కువ సమయం జాలు మార్చి, బోరు వేసి, మొదటి ముక్క కొలతలు సరిచూసుకోవడానికి పోతున్నది. ఆర్డర్లు వచ్చిన వరుసలో చేయడం వల్ల ఒకే వ్యాసం గల పిన్నులకు వారంలో మూడుసార్లు జాలు మారుస్తున్నాం. ఒకే వ్యాసం పనులను ఒకచోట చేర్చి, ముందుగా బోరు వేసిన జాలను పేరు రాసి అరలో పెట్టడం మొదలుపెట్టాక నెలకు 40 గంటలకు పైగా కలిసివచ్చాయి. ఏడాదికి సుమారు 500 గంటలు.

ఈ 500 గంటలు నా లెక్క మొత్తాన్ని మార్చేశాయి. బయట చేయిస్తున్న 1,300 గంటల్లో 500 గంటల పనిని పాత మిషన్ మీదే, 20 లక్షలు పెట్టకుండానే చేయగలిగినప్పుడు, ఆ గంటల ఆదాను కొత్త మిషన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. కొత్త మిషన్‌ను పోల్చవలసింది నిన్న నేను నడిపిన తీరుతో కాదు, అది లేకుండా నేను నడపగలిగిన మంచి తీరుతో. గంటలు 1,500, 2,100, 2,500కు తగ్గాయి. మిగులు 1,65,000, 3,51,000, ఆ తరువాత ఏటా 4,75,000. మామూలు పేబ్యాక్ అయిదేళ్లు దాటింది. డిస్కౌంటెడ్ పేబ్యాక్ ఎనిమిదేళ్ల ఒక నెల. మా పనిలో కావలసిన మైక్రాన్ల కొలతలను ఒక లేత్ బాల్ స్క్రూలు, స్పిండిల్ బేరింగులు మార్చకుండా ఎనిమిదేళ్లు పట్టి ఉంచుతుందని నేను ధైర్యంగా చెప్పలేను. పైగా కస్టమర్‌తో ధర ఒప్పందం రెండేళ్లకు మించి ఎన్నడూ ఉండదు. కాబట్టి కొనలేదు. మిషన్ కంపెనీ అబ్బాయికి ఫోను చేసి ఇప్పుడు కాదని చెప్పాను.

ఈ మధ్యలో ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్ 9 లక్షలకు వస్తుందని మధ్యవర్తి ఒకరు చెప్పారు. దాని పేబ్యాక్ చూడటానికి చాలా చిన్నది. కాని పేబ్యాక్, అది ఏ రకమైనా, డబ్బు పూడిన రోజుతో చూపు ఆపేస్తుంది. మూడో ఏట డబ్బు పూడి నాలుగో ఏట స్పిండిల్ పోయే మిషన్, అయిదో ఏట పూడి పదేళ్లు నడిచే మిషన్ కంటే ఈ కొలతలో మెరుగ్గా కనిపిస్తుంది. ఆ సెకండ్‌హ్యాండ్ మిషన్‌లో ఎక్స్ యాక్సిస్ వదులుగా ఆడటం చూసి, ఆ మాట అక్కడితో వదిలేశాను.

పంపుల పనిని వదులుకోలేదు. ఏడాది పాటు పక్క వర్క్‌షాపులోనే చేయించాను. ఆ పని మీద నాకు దాదాపు ఏమీ మిగలలేదు, తనిఖీ, ఆటో ఖర్చులు పోతే సరికి సరి. అయినా ఆ ఏడాదికి నేను చెల్లించిన విలువ నాకు దక్కింది. వారి ఆర్డర్లు కాగితం మీదకు వచ్చాయి, షాఫ్టుల అసలు సైకిల్ టైమ్ తెలిసింది, ఏడాది చివరకు పని నెలకు 108 గంటల దగ్గర నిలిచింది, అంటే ఏడాదికి 1,300. మరో కొత్త సైజు షాఫ్టుకు ఆర్డరు కూడా రాతపూర్వకంగా ఇచ్చారు. అప్పుడు మళ్లీ అదే పట్టిక తీసి, మొదటి ఏడాది 2,100, రెండో ఏడాది 2,800, ఆపైన 3,200 గంటలు వేశాను. ఖర్చు అదే 20 లక్షల దగ్గర ఉంది. మామూలు పేబ్యాక్ మూడేళ్ల ఏడు నెలలు, డిస్కౌంటెడ్ పేబ్యాక్ నాలుగేళ్ల తొమ్మిది నెలలు. మొదటిసారి రెండో అంకె రుణం గడువు లోపల పడింది. మొదటి ఏడాది వాయిదాలకు 40,000 తగ్గుతుందని ముందే తెలుసు కాబట్టి ఆ మొత్తాన్ని విడిగా ఒక ఖాతాలో వేసి, మిషన్‌కు అడ్వాన్స్ ఇచ్చాను.

మిషన్ వచ్చి మొదటి ఏడాది ముగిసింది. 2,100 గంటలు అనుకున్నచోట 2,060 నడిచింది. ఏడో నెలలో కంట్రోల్‌లో ఒక కార్డు పోయి, బెంగళూరు నుంచి కొత్తది వచ్చేవరకు పన్నెండు రోజులు మిషన్ ఆగింది. ఆ నష్టంలో కొంత ఆదివారాలు పనిచేసి పూడ్చుకున్నాం. మిగులు 3,51,000కు బదులు 3,38,600. వాయిదాలకు తగ్గిన 52,768లో 40,000 ఆ విడి ఖాతా నుంచి, మిగతాది పాత మిషన్ సంపాదన నుంచి కట్టాను. పట్టికలో B గడిలోని ఊహ అంకె తుడిచి అసలు అంకె రాశాను. డిస్కౌంటెడ్ పేబ్యాక్ నాలుగేళ్ల తొమ్మిది నెలల నుంచి పదో నెలలోకి జరిగింది.